బాపు రాసిచ్చిన ముఖ్తార్‌నామా

ఈ మాట నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. వకీలు గారు సూటిగా అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకునే నా నోటుబుక్కులో ఆ ఒక్కరోజు దగ్గర "మిర్యాలగూడ పోయి వచ్చినం" అని మాత్రమే ఉంది.

మిర్యాలగూడలో రిజిస్ట్రీ కచ్చేరి ఎదుట దస్తావేజులు రాసే ముసలాయన ఒకరు ఉండేవారు. ఆయన అరుగు మీద కూర్చొని మా బాపు తన ముఖ్తార్‌నామా నాతో చదివించుకున్నాడు. తన బదులు ఇంకొకరు పనులు చక్కబెట్టడానికి రాసిచ్చే కాగితం అది. ఉర్దూలో ఉంది. బాపుకు ఉర్దూ చదవరాదు, చూపు కూడా మందగించింది. నేను సూర్యాపేట బడిలో ఉర్దూ నేర్చుకున్నాను. "నా బిడ్డ చదువుతది, ఇగ ఇంకొకరెందుకు" అని బాపు నలుగురి ముందూ అన్నాడు. నేను చదివాను, కానీ మొత్తం చదవలేదు. ఒక వాక్యం దగ్గర ఆగి, "మిగిలింది మామూలు రాతే బాపూ" అన్నాను. బాపు సంతకం పెట్టాడు.

మాది కోదాడ. పొలం మాత్రం నేరేడుచర్ల వైపు ఒక ఊళ్లో, చెరువు కింద ఉంది. బాపూ, ఆయన తమ్ముడూ ఎప్పుడో పంచుకున్నారు. చిన్నాయన ఆ ఊళ్లోనే ఉండేవాడు. మా పొలం ఒక కౌలుదారు చేసేవాడు. మేం కోదాడలో ఉండి కౌలు గింజలు తెచ్చుకొని బతికేవాళ్లం. బాపుకు నేనొక్కదాన్నే.

రజాకార్ల రోజుల్లో కోదాడ నుంచి చాలామంది సరిహద్దు దాటి జగ్గయ్యపేట వెళ్లిపోయారు. మేమూ వెళ్లాలనుకున్నాం. అప్పటికే బాపుకు దగ్గు ఎక్కువైంది. మేం లేనప్పుడు పొలం చూసేవాళ్లు ఎవరు? చిన్నాయన తప్ప ఎవరున్నారు? బాపు పక్కన లేనప్పుడు చిన్నాయన కౌలు అడిగితే కౌలుదారు ఇవ్వకపోవచ్చు, శిస్తు కట్టబోతే కచ్చేరిలో "నువ్వెవరివి?" అంటారు. అందుకని ముఖ్తార్‌నామా.

చిన్నాయన గురించి ఒక సంగతి చెప్పాలి. నేను పుస్తకాలు చదువుతానని మా ఇంట్లో అందరికీ తెలిసినా పట్టించుకున్నది ఆయనొక్కడే. బండి కట్టుకొని సూర్యాపేట పోయినప్పుడల్లా అక్కడి గ్రంథాలయం నుంచి నాకొక పుస్తకం తెచ్చేవాడు. ఆయనకు చదువు రాదు. "ఏది తేవాల్నో నాకేమెరుక బిడ్డా? లావుది చూసి తెచ్చిన. జర ఎక్కువ రోజులొస్తది" అనేవాడు. ఒకసారి వ్యవసాయ పంచాంగం తెచ్చాడు. అది కూడా చదివాను.

ఆ రోజు అరుగు మీద ఐదుగురు మగవాళ్లు. రాసే ముసలాయన, బాపు, చిన్నాయన, ఇద్దరు సాక్షులు. నేను స్తంభం చాటున నిలబడి చదివాను. పొలం కౌలుకిచ్చే అధికారం. కౌలు గింజలు తీసుకొని రసీదు ఇచ్చే అధికారం. శిస్తు కట్టే అధికారం. తగాదా వస్తే కచ్చేరిలో బాపు తరఫున నిలబడి వకీలును పెట్టుకునే అధికారం. ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెబుతుంటే బాపు తలూపుతున్నాడు. తరువాతి వాక్యం చూశాను. ఈ భూమిని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, ఆ దస్తావేజులు రాసి రిజిస్ట్రీ చేయించడానికి కూడా అధికారం ఉందని రాసి ఉంది.

బాపు ఆ మాట రాయమనలేదు. నేను విన్నాను. రాసే ఆయన దగ్గర ఎప్పుడూ రాసే నమూనా ఒకటి ఉండేది. అందరికీ అన్నీ కలిపి అదే రాసేవారు. అది చదివి "ఇదెందుకుంది?" అంటే చిన్నాయన మీద నాకు నమ్మకం లేదన్నట్టు. పెద్దమనిషి రాతలో తప్పు పట్టినట్టు. సాక్షుల్లో ఒకాయన నవ్వుతూ, "పిల్ల బాగ చదువుతున్నదే, తహసీల్దారును చేసెటట్టున్నరు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకిక అక్కడ నిలబడాలని లేదు. మామూలు రాతే అన్నాను. తరువాత బాపు కచ్చేరిలోకి పోయి అధికారి ఎదుట అది తన సంతకమేనని చెప్పి ముద్ర వేయించుకొని వచ్చాడు. అసలు కాగితం చిన్నాయన నడుముకు దోపుకున్నాడు.

జగ్గయ్యపేటలో ఒక చిన్న గది కిరాయికి తీసుకున్నాం. బాపు మంచాన పడ్డాడు. అప్పుడప్పుడు అమ్మతో, "పొలం గురించి ఫికర్ చేయకు, తమ్ముడు సూసుకుంటడు. సూసుకొమ్మనే గద కాగితమిచ్చిన, అమ్ముకొమ్మని ఇయ్యలేదు గద" అని నవ్వేవాడు. నేను పక్కనే ఉండి వినేదాన్ని. చెప్పలేదు. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటాడని భయం. రెండు మూడు సార్లు నోటిదాకా వచ్చి ఆగింది. ఆ తరువాత అడగడానికి బాపు లేడు. రాఖీ పున్నమ మరునాడు పోయాడు.

టపా నడవడం లేదు. ఉప్పు బస్తాలు చాటుగా సరిహద్దు దాటించే బండాయన ఒకాయన మాకు తెలుసు. చిన్నాయనకు చీటీ నేనే రాశాను. చావు చీటీ కదా, పైన 'శ్రీ' లాంటి మంచిమాట ఏదీ లేకుండా నాలుగు వరుసలు రాశాను. అలాంటి చీటీ ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. గడప బయటే చదివించుకొని, చింపి పారేసి, కట్టుబట్టలతో తల మీద నీళ్లు పోసుకుంటారు. నాలుగో రోజు బండాయన తిరిగి వచ్చి చీటీ అందిందని చెప్పాడు. చిన్నాయన గడప మీద కూలబడి ఏడ్చాడట. వద్దామంటే దారుల్లో ఎక్కడికక్కడ కాపలా ఉంది. రాలేకపోయాడు. బాపు కర్మ దూరపు చుట్టం ఒకాయన జగ్గయ్యపేటలోనే చేశాడు.

పోలీసు యాక్షన్ అయ్యాక మేం కోదాడ తిరిగి వచ్చాం. కొద్ది రోజులకు అమ్మా నేనూ పొలం చూడడానికి వెళ్లాం. కౌలుదారు గట్టు మీద మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఏమైంది?" అంది అమ్మ.

"మీకెరుక లేదా అమ్మా? ఈ పొలం మీ మరిది అమ్మిండు. ఇగ నుంచి కౌలు గాయన బావమరిదికే కొలవమన్నరు."

బావమరిది అంటే మా చిన్నమ్మకు తోడబుట్టినవాడు. పక్క ఊరే. అమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. చిన్నాయన ఇల్లు అక్కడికి దగ్గరే. వెళదామన్నాను. "నేను పోను" అంది అమ్మ. ఆ వారంలోనే మేనమామను తోడు తీసుకొని సూర్యాపేటలో వకీలు గారి ఇంటికి వెళ్లాం.

వకీలు గారు ముసలివారు. నస్యం పీలుస్తూ, ప్రతి సంగతీ రెండుసార్లు చెప్పేవారు. మిర్యాలగూడ కచ్చేరి నుంచి ముఖ్తార్‌నామా నకలు, అమ్మకపు దస్తావేజు నకలు తెప్పించారు. రెండూ చదివి అమ్మను అడిగారు:

"అమ్మే అధికారం మీ ఆయన ఎరుకుండే ఇచ్చిండా?"

"లేదయ్యా. సూసుకొమ్మనే ఇచ్చిండు."

"మరి ఇందుల ఉన్నది గదమ్మా. ఈ వాక్యం లేకుంటే మనకు ఇంత తిప్పలే లేదు. కాగితంల ఎంత రాస్తే అంతే అధికారం. కౌలుకియ్యమంటే కౌలుకే. దానికి తోక తగిలించి అమ్ముకునే హక్కు రాదు. ఈ వాక్యం లేకుంటే అమ్మకం ఆ రోజే చెల్లకపోయేది." నా వైపు తిరిగారు. "బిడ్డా, నువ్వే చదివినవట గద అప్పుడు. మీ బాపు ఈ వాక్యం విన్నడా?"

నేను తలొంచుకున్నాను. "సిగ్గరి పిల్లయ్యా" అంది అమ్మ. ఆయన ఇక అడగలేదు.

"పోనీ. ఇంకో దారి ఉన్నది. ముఖ్తార్‌నామా ఇచ్చినాయన బతికున్నన్నాళ్లే దానికి ప్రాణం. బతికున్నప్పుడైనా వద్దనుకున్న రోజు రద్దు చేయొచ్చు. రాసి, కాగితం పట్టుకున్న ముఖ్తార్‌కు తెలియజేసి, కచ్చేరిల చెప్పుకుంటే చాలు. ఆయన పోయిండంటే అది కూడ పోయినట్టే. ఆ రోజు నుంచి భూమి నీది తల్లీ. నువ్వు మళ్ల కొత్తగ రాసిస్తే తప్ప నీ మరిదికి గడ్డిపోచ అమ్మే హక్కు లేదు."

అమ్మ ముఖం విప్పారింది. "అయితే గెలిచినట్టేనా?"

"ఆగు. ఆయన పోయిన సంగతి తెలియక ముఖ్తార్ ఏమన్న చేస్తే ఆ పని చెల్లుతది. తెలియక కొన్నవానికి గూడ రక్షణ ఉంటది. దూరాన ఉన్నోళ్లు ఎట్ల ఎరుగుతరు? అది న్యాయమే. దస్తావేజు మీదున్న సర్కారు ఫసలీ తారీకును మన తిథులకు లెక్కగట్టి చూసిన. మీ ఆయన పోయినంక అమావాస్య దాటి రెండు దినాలకు రాసిన్రు. నీ మరిదికి అప్పటికి తెలుసునని సూపాలె. కొన్నాయనకు తెలుసునని గూడ సూపాలె. ఇద్దరికీ."

"చీటీ రాసినం గద."

"ఏది చీటీ?"

చింపేసే చీటీ. తెచ్చిన బండాయన ఆ గడబిడలో ఏమయ్యాడో తెలియదు.

"దావా వేసేముందు ఒకసారి పిలిపిస్త. కూర్చొని మాట్లాడదాం. ఏమన్న జారుతరేమో" అన్నారు వకీలు గారు, నస్యం డబ్బా మూస్తూ.

వాళ్లను పిలిపించిన రోజు అమ్మా నేనూ వకీలు గారి ఇంట్లో గడప లోపల కూర్చున్నాం. బయట హాల్లో చాప మీద చిన్నాయన, ఆయన బావమరిది, వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకాయన. చిన్నాయన తలుపు వైపు చూసి, "బాగున్నవా బిడ్డా?" అన్నాడు. అలవాటుగా నవ్వాడు. నేను తలుపు చాటుకు జరిగాను.

వకీలు గారు అడిగిందానికి చిన్నాయన నిదానంగానే చెప్పాడు. "అన్న బతికున్నడనే అమ్మిన. పరేషాన్ల ఉన్నడు, రోగం ఉన్నది, పైసలు కావాలె అనుకున్న. నాకెవరు చెప్పిన్రు? గా గడబిడల కాకి గూడ ఇటు రాలె."

"పైసలు పంపినవా?"

"ఎట్ల పంపుత? దార్లు బందున్నయి గద. నా దగ్గర్నే ఉన్నయి."

"కొన్న నీకు?" అని బావమరిదిని అడిగారు.

"నాకసలే తెల్వదండి. నేను గీడ, వాళ్లు గాడ."

"మరి ఎప్పుడు తెలిసింది మీకు?"

"మిలిట్రీ వచ్చినంకనే" అన్నాడు చిన్నాయన.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వకీలు గారు కాగితాలు సర్దుకుంటున్నారు. అంటే ఇక అడగడానికి ఏమీ లేదు. తలుపు సందులోంచి నేను చిన్నాయన ముఖం చూశాను. ఆయనకు పెద్ద మీసం ఉండేది. చిన్నప్పుడు దాన్ని పట్టుకొని లాగేదాన్నట. ఇప్పుడది పొట్టిగా, కొత్తగా మొలిచిన గడ్డిలా ఉంది.

ఎలా అడిగానో నాకిప్పటికీ తెలియదు. మగవాళ్లున్న చోట నేను నోరు తెరిచింది ఆ ముఖ్తార్‌నామా చదివిన తరువాత అప్పుడే.

"చిన్నాయనా, మీసం ఎప్పుడు తీయించినవ్?"

హాల్లో అందరూ తలుపు వైపు చూశారు. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. మళ్లీ అన్నాను. "బాపుకు మీసం ఎప్పుడిచ్చినవ్? మిలిట్రీ వచ్చినంకనా?"

మాలో ఇంటివాడు పోతే పదోనాడు జ్ఞాతులు తల, మీసం తీయించుకుంటారు. పదిరోజులు దాటినాక కబురు తెలిస్తే ఆ నియమం ఉండదు, మూడు రోజుల మైలతో సరి. మిలిట్రీ వచ్చాక తెలిసిందన్న మనిషి పదోనాడు మీసం ఇచ్చి ఉండడు. ఇచ్చి ఉంటే అప్పటికే తెలుసు.

చిన్నాయన నా వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పక్కన ఊరి పెద్దమనిషి కూర్చున్నాడు. ఆయనకు అడిగిందెందుకో అర్థం కాలేదు. మనిషి మీద నింద పడుతోందనుకున్నాడు పాపం.

"గదేం మాట బిడ్డా? సొంత అన్నకు మీసమియ్యకుండ ఉంటడా? పదోనాడే ఇచ్చిండు. చెరువు కాడ నేను గూడ ఉన్న. పదిదినాలు నేల మీదనే పన్నడు. పన్నెండోనాడు ఊరందరికి అన్నం బెట్టిండు. ఏ తక్కువ చేయలే."

"ఆహా" అన్నారు వకీలు గారు. కాగితాలు సర్దే చెయ్యి ఆగింది. "చానా పద్ధతైన మనిషి. మరి ఆనాడు కొత్తబట్టలు ఎవరు పెట్టిన్రు?"

మైల తీరిన రోజు భార్య పుట్టింటివాళ్లు వచ్చి కొత్త బట్టలు పెట్టడం రివాజు. పెద్దమనిషి బావమరిది భుజం తట్టాడు. "గీయనే! ఇంకెవరు పెడతరు? జరీ అంచు పంచె తెచ్చిండు. నేను గూడ మెచ్చుకున్న."

బావమరిది ఆ చెయ్యి విదిలించుకొని, "నువ్వు నోరు మూసుకో పెద్దయ్యా!" అన్నాడు.

"నేనేమన్న తప్పుగ అన్ననా?" అని ఆయన బిత్తరపోయాడు.

వకీలు గారు వేళ్ల మీద లెక్కపెట్టారు. "పన్నెండోనాడు బట్టలు. అమావాస్య దాటినంక రెండు దినాలకు దస్తావేజు. నడుమ ఐదారు దినాలు" అని నెమ్మదిగా చెప్పారు. "ఇద్దరికీ తెలుసు. ముఖ్తార్‌నామా అప్పటికి ఒట్టి కాగితం. ఇగ కచ్చేరికి పోదామా, గిట్లనే ఖతం చేద్దామా?"

చిన్నాయన ఆ ఒక్కచోట అబద్ధమాడలేదు. పెద్దమనిషి మాట కాదని ఉండవచ్చు, మంగలిని భయపెట్టి ఉండవచ్చు. కానీ అన్నకు మీసం ఇవ్వలేదని ఆయన నోటితో అనలేకపోయాడు. నన్ను ఇప్పటికీ బాధపెడుతున్నది అదే. ఆయన నిజంగానే నేల మీద పడుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. కళ్లు తుడుచుకొని, మంచిరోజు చూసుకొని, చచ్చిపోయిన అన్న పేరుతో మా బతుకు అమ్మేశాడు. ఒట్టి దుర్మార్గుడైతే అసహ్యించుకోవడం నాకు సులువయ్యేది.

"ఎందుకు చేసినవయ్యా?" అంది అమ్మ లోపలి నుంచి. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"వదినె, అన్నకు కొడుకు లేడు. రేపు పిల్ల పెండ్లయితే తాతల పొలం ఇంకో ఇంటిపేరోనికి పోతది. నీ కూడు నేను పెట్టకపోదునా? బావమరిది పేరు మీద పెట్టి, నా కొడుకు పెద్దగయినంక వాని పేరుకు మళ్లిద్దామనుకున్న. పైసలు ఇయ్యలే, తీసుకోలే."

"ఇంటిపేరు కోసమా?" అంది అమ్మ. "నీ అన్న నిన్ను నమ్మి తన చేతినే నీకిచ్చిపోయిండు. దాంతోనే నా నోట్ల మన్ను కొట్టినవ్."



వకీలు గారు దారి చెప్పారు. కొన్నానన్న బావమరిది, ఆ భూమిలో తనకే హక్కూ లేదనీ, అమ్మకం చెల్లదనీ ఒప్పుకొని రాసి రిజిస్ట్రీ చేయాలి. చిన్నాయన దానికి సాక్షిగా వేలిముద్ర వేసి, అసలు ముఖ్తార్‌నామా అమ్మ చేతికివ్వాలి. "దాంట్ల ప్రాణం లేకున్నా కాగితం బయట తిరగొద్దు. చచ్చిన పామును గూడ ఇంట్ల పెట్టుకోరు" అన్నారు.

దారిలో మేనమామ నన్ను తెగ మెచ్చుకున్నాడు. వకీలుకు తట్టంది నీకు తట్టిందన్నాడు. అమ్మ నా తల నిమిరింది. నాకు మాత్రం నేను చదవని ఆ వాక్యమే గుర్తొస్తోంది. అది ఆ రోజే చదివి ఉంటే ఆ హాలూ ఉండేది కాదు, ఆ మీసం మాటా ఉండేది కాదు. బాపు కొట్టేయించి ఉండేవాడు. జగ్గయ్యపేటలో చెప్పినా రద్దు చేసి కబురు పంపి ఉండేవాడు. చిన్నాయన మమ్మల్ని మోసం చేశాడు. బాపును మాత్రం మోసం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది అమ్మకు చెప్పాలని బండి దిగేదాకా అనుకున్నాను.

మళ్లీ మిర్యాలగూడ. అదే కచ్చేరి. ఎదుటి అరుగు మీద ఆ ముసలాయనే ఇంకెవరికో ఏదో రాస్తున్నారు. నేను అటు చూడలేదు. లోపల బావమరిది రుసరుసలాడుతూ సంతకం పెట్టి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. చిన్నాయన వేలిముద్ర వేసి, నడుమున దోపుకున్న ముఖ్తార్‌నామా తీసి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ దాన్ని ముట్టలేదు. మేనమామ తీసుకున్నాడు.

బయటికొచ్చాక అమ్మ బండెక్కింది. నేను ఎక్కబోతుంటే చిన్నాయన దగ్గరికి వచ్చాడు. వేలికి సిరా ఇంకా ఉంది, దాన్ని గోడకు రుద్దుకుంటున్నాడు. ఏదో ఒకటి అంటాడనీ, తిడతాడనీ, లేకపోతే తప్పయిందంటాడనీ చూశాను. నా వైపు చూడకుండా, ఎద్దుల వైపు చూస్తూ అన్నాడు:

"నీ పెండ్లికి నన్ను పిలువకు బిడ్డా. పిలిస్తే వస్త."